ఎనిమిదో దెబ్బ

అత్తయ్యకి వాళ్ళమ్మ పాడిన జోలపాట ఒకటి గుర్తుంది. తాళం మాత్రం గుర్తులేదు. సంగీతం టీచరేమో, "తాళం ఎవరు కనుక్కుంటే కచేరీలో వాళ్ళే పాడాలి" అని అక్కాచెల్లెళ్ళిద్దరికీ చెప్పి కూర్చుంది.

అక్క గొంతు విప్పితే పక్కింటివాళ్ళు కూడా మాటలాపేస్తారు. చెల్లెలికి అది గొంతులో ముల్లు.

అక్క అత్తయ్య ఎదురుగా కూర్చుని తొడ మీద తాళం వేసింది. ఒక దెబ్బ, మూడు వేళ్ళు, మళ్ళీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. ఎనిమిది. అత్తయ్య ఆ చేతివంక చూస్తూ పాడింది. పంక్తి చివర అక్షరాన్ని కొంచెం సాగదీసింది. అంతే, కుదిరింది.

"ఆదితాళమే," అంది అక్క. "ఇంత తేలికా?"

"నీకన్నీ తేలికేగా," అంది చెల్లెలు.

"ఏడవకే, నువ్వూ వెనక కూర్చుని తంబురా మీటుదువుగాని."

ఆ సాయంత్రం అత్తయ్య చొక్కాకి గుండీలు కుడుతూ, ఎవరూ చూడటం లేదనుకుని అదే పాట కూనిరాగం తీసింది. చెల్లెలు గడప మీద కూర్చుని తొడ మీద మెల్లగా తట్టింది. ఏడు దెబ్బలయ్యేసరికి అత్తయ్య రెండో పంక్తి ఎత్తుకుంది. సాగదీత లేదు. మూడో పంక్తికీ ఏడే. మూడు, నాలుగు. మూడు, నాలుగు. ఎనిమిదో లెక్క పాటలో లేనేలేదు. అది అక్క చేతికోసం అత్తయ్య పెట్టింది.

చెల్లెలు ఎవరికీ చెప్పలేదు. అన్నం సహించింది, నిద్ర కూడా బాగానే పట్టింది.

మర్నాడు క్లాసులో అక్క పాడుతుంటే టీచర్ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఆ చివర ఎందుకే, ఎవరికోసమో ఆగినట్టు ఆగుతున్నావు?"

"ఏడు టీచర్," అంది చెల్లెలు. "మిశ్రచాపు తాళం. తకిట తకధిమి." చేత్తో వేసి చూపించింది.

"ఎప్పుడు తెలిసింది?"

"నిన్న."

అక్క తలెత్తి చెల్లెలివంక చూసింది.

"సరే, మాటంటే మాటే. నువ్వే పాడు," అంది టీచర్.

చెల్లెలు పాడింది. ఒక్క లెక్కా తప్పలేదు. టీచర్ సగంలోనే చెయ్యెత్తింది.

"నీ నోట్లో లెక్కే వినబడుతోందమ్మా, పాట కాదు. అక్కని పాడనీ, నువ్వు తాళం వెయ్యి."

చెల్లెలి చెవులు వేడెక్కాయి. అక్క ఎత్తుకుంది. గదంతా తేనె పోసినట్టయింది, ఆ పాడు గొంతుతో. పంక్తి చివర అలవాటుగా సాగదీయబోయింది. చెల్లెలు సరిగ్గా అక్కడ, కాస్త గట్టిగానే, తర్వాతి పంక్తి దెబ్బ వేసింది. అక్క ఉలిక్కిపడి ఆ అక్షరం వదిలేసి పరుగున అందుకుంది.

ఆ ఒక్క చోట అక్క చెల్లెలి చెయ్యి చెప్పినట్టు నడిచింది. చెల్లెలు ప్రతి పంక్తిలోనూ ఆ చోటు కోసమే కాచుకుని కూర్చుంది.