మార్చి ముప్పై ఒకటి లోపు

కుట్టు టీచరు ఆ కవరును నాలుగు నెలలుగా బీరువాలో చీరల కింద దాచింది. ఈరోజు బయటికి తీసి, విప్పి చూడకుండానే చేతిసంచిలో పెట్టుకుంది. అందులో సిమెంటు బిల్లు, ఇసుక బిల్లు, నీరు కారకుండా డాబా మీద పూసే మందు బిల్లు, మేస్త్రీ రాసిచ్చిన కూలి చీటీ ఉన్నాయి. అన్నిటినీ ఆమె భర్త తారీఖుల వరసలో పేర్చి, మూలన గుండుసూది గుచ్చి పెట్టాడు. ఆయన బస్సు టికెట్టు కూడా పారేసే మనిషి కాదు. ఆ పిచ్చి చూసి పెళ్ళయిన కొత్తలో ఆమె తల పట్టుకునేది. తర్వాత అలవాటైపోయింది. ఇప్పుడు ఆయన లేడు, కాగితాలున్నాయి.

ఆడిటరు గది ముందు కుర్చీలన్నీ నిండిపోయాయి. ఆదాయపు పన్ను రిటర్నులు వేసే నెల కదా, అందరి ఒళ్ళోనూ ఏదో ఒక ఫైలు. మరిది స్కూటరు పెట్టడానికి చోటు వెతుక్కుంటూ వీధి చివరిదాకా వెళ్ళాడు. టీచరు గోడవారగా నిలబడింది. పైన ఫ్యాను తిరుగుతోంది, గాలి మాత్రం ఎవరికీ తగలడం లేదు. ఆమెకు ఉక్కగా కూడా అనిపించలేదు. ఈ నాలుగు నెలల్లో ఆమెకు ఏదీ పెద్దగా అనిపించలేదు. ఏడుపు కూడా మొదటి వారంతోనే ఆగిపోయింది. చూసిన వాళ్ళు గుండె గట్టిదన్నారు. గట్టిదీ కాదు, పాడూ కాదు. మొద్దుబారిపోయింది, అంతే.

తల్లి ఇచ్చిపోయిన చిన్న ఇల్లొకటి ఆమె పేరున ఉంది. దాన్ని అద్దెకిచ్చారు. ఫిబ్రవరిలో ఆ అద్దె సంగతి అడగడానికి ఇదే గదికి ఒక్కతే వచ్చింది. వెళ్ళిపోతుంటే ఆడిటరు వెనక నుంచి కేకేసి మరీ చెప్పాడు. "ఇంటిపన్ను మార్చి ముప్పై ఒకటి లోపు కట్టి రసీదు తెండమ్మా. ఒక్కరోజు దాటినా ఈ ఏడు లెక్కలోకి రాదు."

ఇంటికి వెళ్ళి ఆ మాట భర్త చెవిన వేసింది. వేసి ఊరుకుంటే బాగుండేది, దానికి తన తెలివి జోడించింది. పన్ను పద్దెనిమిది వేలు. అద్దె ఇంటి వంటగది మీద డాబా పగిలి నీరు కారుతోంది, దాని రిపేరు డెబ్భై వేల దాకా అవుతుంది. చేతిలో ఉన్నవి డెబ్భైయే. "పన్నుకే గడువుంటే రిపేరుకి ఉండదా? పెద్ద ఖర్చు ముందు ఈ ఏడు లెక్కలో చూపిద్దాం. చిన్నదానికేముంది, వచ్చే నెల కడదాం," అంది. ఆయన సరేనన్నాడు. ఆమె లెక్క మీద ఆయనకు అంత నమ్మకం.

మార్చి ఇరవై తొమ్మిది ఆదివారం. ఆఖరి పూత మిగిలింది. మేస్త్రీ రానన్నాడు. "ఇంక రెండ్రోజులే ఉంది, ఎలాగండీ?" అని ఆమె రెండుసార్లు అంది. రెండుసార్లు అన్నట్టు ఆమెకు బాగా గుర్తు. మూడోసారి అనక్కర్లేకుండానే ఆయన లుంగీ ఎగ్గట్టి నిచ్చెన ఎక్కాడు. పూత పూర్తిచేశాడు కూడా. దిగేటప్పుడు చెప్పుకంటిన మందు వల్ల కాలు జారింది.

తొందరపెట్టింది తనేనని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఈ కవరు లెక్కలోకి ఎక్కాలి. ఎక్కితే, తాను తొందరపెట్టిందీ ఆయన ఎక్కిందీ దేనికోసమో ఒకదానికోసం అవుతుంది. ఇన్ని రోజులూ ఆమె పట్టుకుని వేలాడింది ఆ ఒక్క ఆశనే.

"రండి టీచరు గారూ," అని పిలిచాడు ఆడిటరు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, అద్దె ఒప్పందం చూశాడు. "నెలకి ఇరవై, పన్నెండు నెలలూ వచ్చిందా? మంచిది. రెండు లక్షల నలభై వేలు. ఇంటిపన్ను రసీదు?"

ఇచ్చింది. ఆయన తారీఖు చూసి నాలుక చప్పరించాడు. "ఏప్రిల్ ఇరవై రెండు. చెప్పాను కదమ్మా. ఏ ఏడు కడితే ఆ ఏడు అద్దెలోంచే తీసెయ్యాలి. పోదులెండి, వచ్చేసారి లెక్కలో తీసేద్దాం. ఈసారికి మాత్రం సున్నా."

"ఇవి కూడా ఉన్నాయి," అంటూ ఆమె కవరు ముందుకు జరిపింది. "రిపేరు బిల్లులు. అన్నీ మార్చి లోపువే."

ఆయన విప్పనైనా విప్పలేదు. రెండు వేళ్ళతో వెనక్కి నెట్టాడు. "ఇవి అక్కర్లేదమ్మా. రిపేరుకని ఇన్‌కంటాక్సు వాళ్ళే అద్దెలో ముప్పై శాతం గుత్తగా తీసేస్తారు. రెండు నలభైలో ముప్పై శాతం, డెబ్భై రెండు వేలు. మిగిలిన లక్షా అరవై ఎనిమిది వేలూ మీ ఆదాయంలో కలుస్తుంది. బిల్లులెవరూ అడగరు."

"ఎంత ఖర్చుపెట్టినా అంతేనా?"

"అంతే. ఇల్లు మొత్తం విప్పి కట్టించినా ముప్పయ్యే. ఒక్క మేకు కొట్టకపోయినా ముప్పయ్యే."

టీచరు కవరు అంచును వేలితో సరిచేసింది. "ఏప్రిల్లో చేయించుంటే?"

"ఏప్రిల్లో చేయించినా అదే. అసలు చేయించకపోయినా అదే." ఆయన కీబోర్డు మీద టకటకా కొడుతూ, తలెత్తకుండా అన్నాడు. "గడువల్లా ఇంటిపన్నుకేనమ్మా."

గడువున్నదాన్ని ఆపింది. గడువు లేనిదాన్ని తరిమింది. ఆమెకు విషయం పూర్తిగా అర్థమైంది. అర్థమైనా లోపల ఏమీ కదల్లేదు. కవరును ఒళ్ళోకి తీసుకుంది.

అంతలో మరిది చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చాడు. "అన్నయ్య బిల్లులు ఇచ్చావా వదినా?" అని, జవాబు కోసం ఆగకుండా ఆడిటరు వైపు తిరిగాడు. "ఆ బిల్లులు జాగ్రత్త సార్. మార్చిలోగా పని అయిపోవాలని, ఆదివారం మేస్త్రీ రాకపోతే మా అన్నయ్య తనే ఎక్కాడు. ఆ దిగడంలోనే పోయాడు."

టకటక ఆగింది. ఆడిటరు కళ్ళజోడు కిందికి దించుకుని టీచరును చూశాడు, కవరును చూశాడు.

"ఎంత తగ్గింది సార్ రిపేరు కింద?" అన్నాడు మరిది.

ఆడిటరు బల్ల మీద లేని కాగితం కోసం వెతకడం మొదలుపెట్టాడు.

"డెబ్భై రెండు వేలు," అంది టీచరు.

మరిది ముఖం విప్పారింది. నాలుగు నెలల తర్వాత ఆ ముఖంలో అంత వెలుగు రావడం ఆమె చూసింది. "పెట్టిన దానికంటే ఎక్కువే! చూశావా వదినా, అన్నయ్య ఊరికే ఏ పనీ చెయ్యడు. అమ్మకి ఫోన్ చేసి చెప్తానుండు, రోజూ అదే అడుగుతోంది, ఆదివారం పూట అంత తొందరేమొచ్చిందిరా వాడికని." అంటూనే ఫోను తీసుకుని గుమ్మం దాటాడు.

వరండాలోంచి అతని గొంతు పెద్దగా వినిపిస్తోంది. డెబ్భై రెండు వేలమ్మా, అంటున్నాడు. అవునమ్మా, వదినే చెప్పింది.

ఆడిటరు ప్రింటు తీసిన కాగితం ఆమె ముందుకు మెల్లగా జరిపి, చివర వేలు పెట్టి చూపించాడు. ఆమె సంతకం పెట్టింది. కవరు సంచిలో వేసుకుంది.

"ఇంకెక్కడైనా పెట్టాలాండీ?" అని అడిగింది.