వెనక్కిచ్చిన డబ్బా

పంటికి వాడిన యాంటీబయాటిక్ వల్ల డెబ్బై దాటిన ఒకావిడకు నీళ్ల విరేచనాలు పెట్టే సీడిఫ్ అనే పేగు ఇన్ఫెక్షన్ పట్టుకుంది. వాంకోమైసిన్‌తో తగ్గినా తిరగబెట్టింది. మందు మార్చి వాడాక, ఆవిడ భర్త మా ల్యాబ్‌కు మలం డబ్బా తెచ్చాడు.

"గట్టిగా ఉంది బాబాయ్, పరీక్ష చెయ్యం."

"తగ్గిందో లేదో తెలియొద్దా?" కసిరాడు.

నాకూ తిక్క తక్కువేం కాదు. "తగ్గినా ఆ క్రిమి కొన్నాళ్లు లోపల ఉండొచ్చు. కనబడితే లేనిపోని మందులు మింగిస్తారు. మళ్లీ నీళ్ల విరేచనాలైతేనే తీసుకురండి."

"అంటే, గట్టిగా ఉండటం మంచిదేనా?"

తలూపాను.

ఫోన్ తీసి, వరండా దద్దరిల్లేలా అరిచాడు: "ఏమేవ్, నీది వద్దన్నారే!"

అరుస్తూనే కళ్లు తుడుచుకున్నాడు.