ఒకే పేరున్న రెండు కంప్యూటర్లు

ఆ రోజు పొద్దున నా దగ్గరున్న సరుకు ఇది: రెండు ప్రొజెక్టర్లు, ఒక మడత తెర, మూడు ల్యాప్‌టాప్‌లు, ఒక మైకు సెట్టు, పద్నాలుగేళ్లుగా కూడబెట్టిన మంచిపేరు. లేనిదల్లా ఏడాది పొడవునా ఆగకుండా దొరికే పని. మీటింగులకు సామాను అద్దెకిచ్చేవాడికి ఒక నెల ఊపిరాడదు, మరో నెల ఈగలు తోలుకోవాలి.

ఆ కొరత తీరే దారి ఒకటి కనబడింది. బీమా ఏజెంట్లకు శిక్షణ ఇచ్చే ఒక సంస్థకు పెద్ద హాలుంది. వారానికి ఐదు రోజులు క్లాసులు. సామానూ, దాన్ని నడిపే మనిషీ ఏడాది పాటు ఒకరి దగ్గరే తీసుకుంటామని మేనేజరు గారు కబురు పెట్టింది. ఇద్దరిని పిలిచింది. ఒకే రోజు, ఒకే ట్రైనరు. టీకి ముందు ఒకరు, టీ తర్వాత ఒకరు నడిపి చూపించాలి. ఎవరిది నచ్చితే వాళ్లకే హాలు.

ఆ రెండోవాడు నా బావమరిది.

ఆరేళ్లు నా దుకాణంలోనే పనిచేశాడు. కేబులు చుట్టడం దగ్గర నుంచి అన్నీ నేనే నేర్పాను. ఎనిమిది నెలల క్రితం గొడవపడి వేరే దుకాణం పెట్టుకున్నాడు. పోతూ పోతూ తన వాటా కింద నాలుగో ల్యాప్‌టాప్‌ను, అడక్కుండానే నా ఖాతాదారుల్లో ముగ్గురిని పట్టుకుపోయాడు. మా ఆవిడ మాత్రం ఇద్దరికీ అన్నం పెడుతూనే ఉంది, వేర్వేరు వేళల్లో.

నేను హాలుకి వెళ్లేసరికే వాడు తన ల్యాప్‌టాప్‌ను ముందు బల్ల మీద పెట్టి, ప్రొజెక్టరుకు తగిలించేశాడు.

"రా బావా. నీ మడత తెర తెచ్చావా? మూల చిరిగింది, దానికి అతికించిన టేపు ఇంకా ఉందా?"

"ఉందిరా. అతికించింది నువ్వేగా. వంకరగానే ఉంది."

మేనేజరు గారు కళ్లజోడు మీదుగా ఇద్దరినీ చూసింది. "బంధువులా?"

"ఆయన మా అక్క మొగుడండీ," అన్నాడు వాడు. పరాయివాళ్ల ముందు నన్ను బావ అనడానికి కూడా మనసొప్పలేదు.

ట్రైనరు ఒకచోట నిలబడి పాఠం చెప్పే మనిషి కాదు. వరసల మధ్య తిరుగుతూ, చేతిలోని ఫోనుతో స్లయిడ్లు తిప్పుకుంటాడు. అందుకు కావలసిన ప్రోగ్రాము మా కంప్యూటర్లన్నిటిలోనూ ఉంది. ల్యాప్‌టాప్ తెరవగానే అదీ మొదలవుతుంది. ఫోను, కంప్యూటరు ఒకే వైఫైలో ఉంటే చాలు, ఫోనులో కంప్యూటరు పేరు కనిపిస్తుంది. పేరు నొక్కి ఒక్కసారి పాస్‌వర్డ్ కొడితే, ఫోను అద్దమే మౌసు, అదే కీబోర్డు. ట్రైనరు తన ఫోనులో పాస్‌వర్డ్ కొట్టుకుని, వేలితో ఒకసారి జరిపి చూసి తృప్తిపడ్డాడు.

వాడి సగం మొదలైంది. నా ల్యాప్‌టాప్‌ను వెనక వరసలో తెరిచి పెట్టుకుని, నా వంతుకు అంతా సరిగా ఉందో లేదో చూద్దామని నా ఫోను తీశాను. జాబితాలో 'హాలు' అని ఒకటి, దాని కింద 'హాలు' అని ఇంకొకటి కనబడ్డాయి. పైదాన్ని నొక్కి వేలు జరిపాను. నా ల్యాప్‌టాప్‌లో బాణం గుర్తు కదల్లేదు. ముందున్న పెద్ద తెర మీద, ట్రైనరు చూపిస్తున్న పటం నడుమ, చీమలా పాకింది.

వెంటనే వేలు తీసేశాను. సంగతి అర్థమైంది. నాలుగు ల్యాప్‌టాప్‌లు కొన్నప్పుడు ఒకదాన్ని సిద్ధం చేసి, మిగతా మూడింటిలోకి దాన్నే యథాతథంగా నకలు చేశాను. ఒక రోజు పని మిగిలిందని సంబరపడ్డాను కూడా. అందుకే నాలుగింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. వీడు వేరుపడి ఎనిమిది నెలలైనా రెండూ మార్చుకోలేదు.

ఏ వర్తకుడికైనా ఆ క్షణంలో వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. స్లయిడ్లు నడుస్తుండగా బి అక్షరం నొక్కితే తెర నల్లబడిపోతుంది. మళ్లీ నొక్కితే వెనక్కి వస్తుంది. వైరు ఊడినట్టు ఉంటుందే తప్ప ఎవరికీ అనుమానం రాదు.

నొక్కాను.

హాలు ముందు భాగం చీకటైంది. ట్రైనరు మాట మధ్యలో ఆగిపోయాడు. బావమరిది ఒక్క ఉరుకులో ప్రొజెక్టరు దగ్గరికి పోయి కేబులు పీకి మళ్లీ గుచ్చాడు. వాడు గుచ్చుతుండగా నేను రెండోసారి నొక్కాను. బొమ్మ వచ్చింది. వాడు చెమట తుడుచుకుంటూ, "లూజు కాంటాక్టండీ, సరిచేశాను," అన్నాడు. నాకు నవ్వాగలేదు. కాస్సేపాగి మళ్లీ నొక్కాను. ఈసారి కేబులే మార్చాడు, మార్చాక బొమ్మ వెనక్కి ఇచ్చాను. మేనేజరు గారు తన కాగితం మీద ఏదో రాసుకుంది. ఆ కలం కదలడం చూశాక మూడోసారి తెర ఆర్పాల్సిన పని లేదనిపించింది.

టీ ఇచ్చే ముందు ట్రైనరు వాడి ల్యాప్‌టాప్‌లో ఖాళీ పేజీ ఒకటి తెరిపించాడు. ఏజెంట్లు అడిగిన ప్రశ్నలన్నీ వాడి చేత పెద్ద అక్షరాల్లో కొట్టించి, "టీ తాగుతూ వీటి గురించి ఆలోచించండి," అని తెర మీద అలాగే వదిలేశాడు.

నేను నా లెక్క చూసుకున్నాను. వాడు మందబుద్ధి కాదు. కేబుల్లో తప్పు లేదని ఇంకాసేపటికి వాడికి తడుతుంది. వాడి ఫోనులోనూ నా పాస్‌వర్డ్ ఉంది. నా వంతులో నాకూ అదే చీకటి చూపిస్తాడు. అంతకంటే ముందే నా పాస్‌వర్డ్ మార్చేయాలి.

నా ల్యాప్‌టాప్ మొరాయిస్తుంటే ఒకసారి ఆపి తెరిచాను. పాస్‌వర్డ్ మార్చే గడి తెచ్చి, దాని మీద నొక్కాను. కొట్టాల్సింది మాత్రం ఫోనుతోనే. నిరుడు ఎవరో కాఫీ ఒలికిస్తే ఆ కీబోర్డులో తొమ్మిది మీటలు చచ్చిపోయాయి. ఫోనుండగా బాగుచేయించడం దండగని వదిలేశాను. ఇప్పటిదాకా పైనున్న 'హాలు' వాడిది, కింద ఉన్నది నాది. కిందదాన్ని నొక్కాను. తేలిగ్గా గుర్తుండే మాట కావాలి. గుర్తుపెట్టుకోవాల్సిన పని లేని మాట నాకు ఎప్పుడూ ఒకటి సిద్ధంగానే ఉంది. తలవంచుకుని ఫోను అద్దం మీద ఒక్కొక్క అక్షరమే కొట్టాను. ఇంగ్లీషు అక్షరాల్లో 'బామ్మర్దిదొంగ', చివర ఒకటి అంకె.

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత నలుగురు. తర్వాత అందరూ. తలెత్తాను.

పెద్ద తెర మీద, ఏడో ప్రశ్న కింద, జానెడు ఎత్తున నా కొత్త పాస్‌వర్డ్ నిలబడి ఉంది.

ఆ జాబితాకు ఒక వరసంటూ లేదు; నా ల్యాప్‌టాప్‌ను ఆపి తెరవగానే అది జాబితాలో నుంచి పోయి, మళ్లీ వచ్చి ఈసారి పైన కూర్చుంది. వాడిది కిందికి దిగింది. నేను పేరు చూశానుగానీ ఏది ఎవరిదో చూడలేదు. చూసినా ఏం తెలుస్తుంది? రెండూ 'హాలే'.

బావమరిది టీ కప్పుతో తెర దగ్గరికి నడిచి, నింపాదిగా చదివాడు.

"బావా, చివర ఆ ఒకటి ఏంటి? దొంగల్లో నాది మొదటి నంబరా? రెండో నంబరు ఎవరిదో కూడా రాయాల్సింది."

"నేను నా సిస్టమ్‌లో కొట్టుకుంటున్నా..."

"నా సిస్టమ్‌లో పడింది. ఇందాకటి చీకటి కూడా ఇలాగే పొరపాటున పడిందా?"

మేనేజరు గారు లేచి వచ్చింది. "రెండుసార్లు తెర నల్లబడింది మీ వల్లేనా?"

అబద్ధమాడితే ఎంత, నిజం చెబితే ఎంత అని చూసుకున్నాను. తెర మీద అంత సాక్ష్యం పెట్టుకుని అబద్ధమాడితే అది కూడా నష్టం కిందే పోతుంది. "నేనేనండీ," అన్నాను.

ఆవిడ చెయ్యి చాపింది. ఫోను ఇచ్చేశాను. దాన్ని తన బల్ల మీద బోర్లా పెట్టింది. "పాఠం ఆగడానికి వీల్లేదు. మీ సగం మీరు నడపండి. ఇద్దరిలో ఎవరూ దేన్నీ మార్చొద్దు."

అంటే నా పాత పాస్‌వర్డ్ అలాగే ఉంది. వాడి ఫోను వాడి చేతిలోనే ఉంది.

వాడి ల్యాప్‌టాప్ మూసి నాది తగిలించారు. ట్రైనరు ఫోను కలిసింది, స్లయిడ్లు కదిలాయి. ఇక నేను పాఠం వినలేదు, వాడి బొటనవేలినే చూస్తూ కూర్చున్నాను. వాడు ఫోనును మోకాలి మీద పెట్టుకుని నా కళ్లలోకే చూస్తున్నాడు. ఒకసారి కావాలనే ఫోను ఎత్తాడు. నేను కుర్చీలోంచి సగం లేచాను. ఫోను అద్దంలో మీసం సవరించుకుని మళ్లీ దించాడు. గంట గడిచింది. తెర నల్లబడలేదు.

చివర్లో ట్రైనరు నా వైపు తిరిగి, "ఇందాకటిలాగే ప్రశ్నలు కొట్టండి," అన్నాడు.

ముందు బల్ల దగ్గరికి వెళ్లి పేజీ తెరిచాను. మొదటి ప్రశ్న కొట్టాను. తొమ్మిది మీటలు లేని కీబోర్డు. తెర మీద పడినదాన్ని చదవబోయి ట్రైనరు ఆగిపోయాడు. "ఇది ఏ భాషండీ?"

"మేడమ్, ఒక్క నిమిషం నా ఫోను..." అన్నాను.

మేనేజరు గారు తల అడ్డంగా ఊపింది.

బావమరిది లేచాడు. "నేను కొడతానండీ. మా బావ దగ్గర అక్షరాలు కాస్త తక్కువ. నావి అప్పిస్తాను."

ఉన్నచోటు నుంచి కదలకుండానే వాడి ఫోనులో ఆ ఒక్క 'హాలు' నొక్కాడు. నా చేతులు బల్ల మీద ఊరికే ఉన్నాయి. వాటి ముందు, నా ల్యాప్‌టాప్‌లో, వాడి అక్షరాలు వరసగా పడుతున్నాయి. పదకొండు ప్రశ్నలు, ఒక్క తప్పు లేకుండా. కామాలతో సహా.

హాలు వాడికే ఇచ్చారు. సాయంత్రం మెట్ల మీద అడిగాను, "మరి తెర ఎందుకు ఆర్పలేదురా?"

"ఆర్పితే నీకూ నాకూ సరిపోయేది. నాకు సరిపోవడం ఇష్టం లేదు బావా." ల్యాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని దిగిపోయాడు. నాలుగు మెట్లు దిగి వెనక్కి తిరిగాడు. "అక్కతో నేనేం చెప్పను. నువ్వే చెప్పు. ఆ పాస్‌వర్డ్‌తో సహా."

చెప్పాను. వాడు ముందే చెప్పేశాడని చెప్పాక తెలిసింది. తొమ్మిది రోజులు ఆవిడ నాతో మాట్లాడలేదు.

ఇక మొత్తం లెక్క. పోయినవి: ఏడాది హాలు, ఆ సంస్థలో నా పేరు, ఇంట్లో తొమ్మిది రోజుల మాట. మిగిలినవి: మూడు ల్యాప్‌టాప్‌లకు మూడు పేర్లు, మూడు పాస్‌వర్డ్‌లు, ఒక కొత్త కీబోర్డు. కలిసొచ్చింది ఒక్కటే. బావమరిది నాకంటే మంచి వర్తకుడని, వాడికి ఆ వర్తకం నేర్పింది నేనేనని తెలిసింది. అందులో ఒక్క ముక్క కూడా వాడి ముందు ఒప్పుకోలేదు గనక, ఆ మేరకు నాకు లాభమే.