రెండో పేజీ

మా మ్యూచువల్ ఫండ్ల ఏజెంటు ఆఫీసులో, ఫండ్ వివరాలుండే ఫ్యాక్ట్‌షీటు మొదటి పేజీ మాత్రమే ప్రింటు తీస్తాం. నలభై శాతం రాబడి అక్కడే మెరుస్తుంది. అది చూసే మా అక్క తన రిటైర్మెంట్ డబ్బంతా ఒక ఫండ్‌లో పెట్టింది. మార్కెట్ ఇరవై శాతం పడింది, ఫండ్ ముప్పై రెండు పడింది. అక్క వచ్చి నా చేత రెండో పేజీ తీయించింది.

"బీటా ఒకటి పాయింట్ ఆరంటే ఏంట్రా?"

"మార్కెట్ పది పడితే ఇది దాదాపు పదహారు పడొచ్చు. స్టాండర్డ్ డీవియేషన్ కూడా ఇరవై ఎనిమిది, అంటే రాబడి ఒకచోట నిలవదు."

"ఈ టర్నోవర్ నాలుగు వందల శాతం?"

"ఏడాదిలో షేర్లన్నీ నాలుగుసార్లు మార్చినంత లెక్క. ఆ ఖర్చూ మన నెత్తినే."

చేతులు కాలాక నేను ఆకులు అందిస్తున్నాను. అక్క కళ్లజోడు తీసింది.

"ఇవన్నీ నీకు ముందే తెలుసా?"

"తెలుసక్కా."

"మరి నీ డబ్బెక్కడ పెట్టావ్?"

"బ్యాంకు డిపాజిట్లో."