నాన్న నేర్పిన పరీక్ష

డిప్లొమా చేతికొచ్చి మూడేళ్లు నిండబోతున్నాయి. ఎలక్ట్రీషియన్ పని కోసం ఆమె ఎక్కని గుమ్మం లేదు. కాంట్రాక్టర్లు అనుభవం, లైసెన్సు ఉంటే రమ్మన్నారు. లైసెన్సు ఇచ్చేవాళ్లేమో ముందు అనుభవం చూపించమన్నారు. ఆ అనుభవం ఎక్కడ దొరుకుతుందో చెప్పిన పుణ్యాత్ముడు మాత్రం ఒక్కడూ లేడు.

చివరికి పంపుల ఫ్యాక్టరీలో అప్రెంటిస్ ఖాళీ ఉందని నాన్నే కనుక్కొచ్చాడు, ఆమె చదివిన ఇన్‌స్టిట్యూట్ నోటీసు బోర్డు చూసి. చదువు ముగిసి మూడేళ్లు దాటితే తీసుకోరు. అంటే ఇది పోతే ఇక అప్రెంటిస్ అన్న మాటే ఉండదు.

నాన్న ఇళ్లకు వైరింగ్ చేస్తూ జుట్టు నెరిపించుకున్నవాడు. చిన్నప్పటినుంచీ పనికి వెంట తీసుకెళ్లి, ఒకే మాట నూరిపోశాడు. "ఆఫ్ చేశాక కూడా నమ్మకు చిట్టితల్లీ. వేలి వెనకవైపుతో తట్టి చూడు. కరెంటుంటే చెయ్యి ముడుచుకుని వెనక్కొచ్చేస్తుంది. ముందువైపుతో ముట్టుకున్నావో, తీగనే పట్టేసుకుంటుంది."

రాత పరీక్ష గట్టెక్కింది. మోటారు ప్యానెల్లో పాడైన కాంటాక్టరు, అంటే మోటారుకు కరెంటు కలిపే స్విచ్చు, మార్చి చూపించడమే ఇక మిగిలింది. మెయిన్ ఆపింది, తాళం వేసింది, తన పేరున్న ట్యాగు తగిలించింది. చూస్తున్న ఫోర్‌మన్ తల కూడా ఊపాడు. బల్లమీద వోల్టేజి టెస్టరు ఉంది. దాన్ని ముందు కరెంటున్న చోట పెట్టి, అది పనిచేస్తోందని తేల్చుకుని, ఆ తర్వాతే ప్యానెల్లో చూడాలి. ఆ సంగతి పొద్దున్నే రాతలో పొల్లుపోకుండా రాసింది కూడా. కానీ చెయ్యి ఆమెను అడగలేదు. వేలి వెనకవైపు వెళ్లి తీగను తట్టింది.

"ఆగమ్మా," అన్నాడు ఫోర్‌మన్. గొంతులో కోపం లేదు, అదే ఆమెను భయపెట్టింది.

"ఆఫ్ చేశాను కదండీ. తాళం కూడా..."

"వేశావు. పొరపాటున ఇంకో లైన్లోంచి కరెంటు వస్తూ ఉంటేనో? ఇక్కడ చేత్తో చూస్తే అక్కడితో పరీక్ష ఆపేయాలి. ఎవరు నేర్పారు నీకిది?"

ఆమె బల్లమీది టెస్టరు అందుకుంది.

"మా గురువూ ఇలాగే నేర్పాడు," అన్నాడాయన. "ఒకరోజు ఆ చెయ్యి వెనక్కి రాలేదు. ఏమీ అనుకోకు తల్లీ, నిన్ను తీసుకోలేను."

ఆమె తాళం తీసి, తన పేరున్న ట్యాగు విప్పేసింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే, ఆయన చెప్పినదాంట్లో తప్పులేదు. నాన్న మీద తెచ్చుకోవడానికి మనసు రాలేదు.

గేటు బయట గోడనీడలో నాన్న నిలబడి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు, తనకే పరీక్ష అన్నట్టు.

"ఎలా చేశావమ్మా? నేను చెప్పింది మర్చిపోలేదు కదా?"

ఆమె ఆ చొక్కా గుండీలవైపు చూస్తూ అంది.

"లేదు నాన్నా. నువ్వు నేర్పినట్టే చేశాను."

"ఇంకేం మరి, సీటు మనదే," అని ఆయన చేయి చాచి, ఆమె చెంపమీది చెమటను వేలి వెనకవైపుతో తుడిచాడు.