కప్పుకి ఏ వైపు

జూన్ పదకొండు, బుధవారం. ఇంట్లో ఒకటే గుడ్డు ఉంటే అక్క ఉడకబెట్టి, నిలువునా కోసి, పెద్ద ముక్క తమ్ముడి పళ్ళెంలో, చిన్నది తన పళ్ళెంలో వేసుకుంది. రెండేసి బ్రెడ్డు ముక్కలు. ఆ తేదీ, ఆ తిండి అతనికి ఇప్పటికీ గుర్తే. ఆఖరి ముద్ద నోట్లో ఉండగానే పాత లాప్‌టాప్ టింగుమంది. దుకాణం తెరిచిన పదకొండు వారాలకి మొదటి బేరం.

దుకాణమంటే గోడలున్నది కాదు. తమ్ముడు ఇరవై రెండేళ్ళు కార్డుల ప్రెస్సులో డిజైన్లు వేశాడు. ప్రెస్సు మూతపడ్డాక మిగిలినవి ఆ లాప్‌టాప్, రెండు కళ్ళు. సరుకు కొని అరల్లో పెట్టే స్తోమత లేదు. అందుకని ఇంటర్నెట్‌లో కప్పుల బొమ్మలు మాత్రమే పెట్టాడు. ఎవరైనా కప్పు కావాలంటే వాళ్ళిచ్చిన ఫోటోతో డిజైను చేస్తాడు, వాళ్ళు చూసి సరేనంటే ఫైలు ఊరవతలి ప్రింటింగు షెడ్డుకి పోతుంది. అక్కడ ఒక్కటంటే ఒక్కటే అచ్చేసి, ఇతని దుకాణం పేరున్న పెట్టెలో పెట్టి పంపిస్తారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం “పని లేక బొమ్మలు గీసుకుంటున్నాడు” అనేవారు. అక్క ఒక్క రోజూ ఆ మాట అనలేదు.

“ఏంట్రా, అలా గుడ్లప్పగించి చూస్తున్నావు?” అంది అక్క.

“ఆర్డరే అక్కా!”

“నిజం ఆర్డరేనా, మీ స్నేహితులెవరైనా ఆటపట్టిస్తున్నారా?”

నిజమైన ఆర్డరే. ఒక టీచరమ్మ రాసింది. వాళ్ళమ్మ పోయి ఎనిమిది నెలలైంది. మర్నాడు పొద్దున రైల్లో నాన్న దగ్గరికి వెళ్తోంది. ‘నాన్న టీ తాగుతుంటే అమ్మ నవ్వుతూ కనపడాలి. ఇంకేం అక్కర్లేదు. కొరియరు వద్దు, సాయంత్రం నేనే మీ పేజీలో ఉన్న షెడ్డు అడ్రసుకొచ్చి తీసుకుంటాను’ అని. కింద అమ్మ ఫోటో, ఆవిడ చేత్తో రాసిన సరుకుల చీటీ ఒకటి.

అతను ఆ పని మీద కూర్చుని ప్రపంచాన్ని మర్చిపోయాడు. ఫోటోలో వెనకున్న తలుపునీ తాడు మీది తువ్వాళ్ళనీ తీసేశాడు. తెల్లజుట్టు అంచులు తెగిపోకుండా వెంట్రుక వెంట్రుకా కాపాడాడు. కప్పు చుట్టూ తిరిగే బొమ్మని ఫైల్లో పొడుగ్గా పరిస్తే, దాని కుడి సగమే కుడిచేత్తో పట్టుకున్నవాళ్ళకి ఎదురుగా వస్తుంది. అక్కడ అమ్మని పెట్టాడు. ఎడమ సగంలో ఆవిడ చీటీ: ‘పంచదార అరకిలో. టీ పొడి. మీ కళ్ళజోడు తాడు.’ మధ్యాహ్నానికల్లా టీచరమ్మ చూసి, “అచ్చం అమ్మే” అని రాసింది. ఫైలు షెడ్డుకి వెళ్ళిపోయింది.

గంట తర్వాత ఆవిడ మురిపెంగా ఇంకో ఫోటో పంపింది. ‘ఈ బల్ల మీదేనండీ కప్పు ఉండేది.’ బల్ల దగ్గర ముసలాయన కూర్చున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో, మడిచి పెట్టిన గుడ్డలా ఉంది. గాజు గ్లాసు ఎడమచేతిలో ఉంది.

అతను వెంటనే ఫోన్ చేశాడు.

“అమ్మా, మీ నాన్నగారు ఎడమచేత్తోనే తాగుతారా?”

“అయ్యో, రెండేళ్ళయిందండీ, కుడిచెయ్యి పడిపోయి. మాకు అలవాటైపోయి చెప్పాలనే తోచలేదు. ఏం, ఇబ్బందా?”

“ఏం లేదమ్మా, నేను చూసుకుంటాను,” అని ఫోన్ పెట్టేశాడు. ఆయన ఎడమచేత్తో ఎత్తితే కంటికెదురుగా వచ్చేది సరుకుల చీటీ. అమ్మ అవతలి గోడని చూసి నవ్వుతుంది. పెద్దాయన ఒక్క మాటా అనడు, అదే ఎక్కువ బాధ. తెరమీద చూస్తే ‘ప్రింటులో ఉంది’ అని వచ్చింది. ఆ మాట పడ్డాక ఇటునుంచి ఏదీ మార్చడం కుదరదు.

“షెడ్డుకి ఫోన్ చెయ్యరా మరి, చూస్తావేం!” అంది అక్క.

“చేశాను. మిషన్ల మోతలో ఎవరూ ఎత్తట్లేదక్కా.”

“అయితే బస్సెక్కు. చెప్పులు అవి కావు, అవి నావి!”

షెడ్డులో ఎండ వేడికి తోడు మిషన్ల వేడి. వాటి మధ్య కప్పులన్న చెమటలు కక్కుతూ నించున్నాడు. అక్కడ అచ్చేసేది ఆయనే, ఊరంతటికీ కప్పులన్నే. ఇతన్ని చూడగానే, “నీదేనా తమ్ముడూ ఆ నవ్వే అమ్మ? ఎంత బాగా చేశావయ్యా! ఇదుగో, ఇప్పుడే దింపాను” అని చూపించాడు. కప్పు చల్లారుతోంది. రంగు ఆవిరై కప్పు పైపూతలోకి ఇంకిపోయింది. గీకినా తుడిచినా పోదు.

ఇతను సంగతి చెప్పాడు. “తప్పు నాదే అన్నా. రెండోదాని ఖర్చు నేనే భరిస్తాను.”

కప్పులన్న తల గోక్కున్నాడు. “ఖర్చు సంగతి తర్వాత. తెల్ల కప్పుల డబ్బా రేపు మధ్యాహ్నం వస్తుంది. ఉన్నదొక్కటే. పొద్దున్నే మిషను వేడి సరిగ్గా ఉందో లేదో చూసుకోడానికి దాచుకున్నాను.” బల్ల కింద నుంచి కాగితం చుట్టిన కప్పు తీసి ఇతని ముందు పెట్టాడు. “రేప్పొద్దున అందాజుగా చూసుకుంటాలే. కూర్చో, ఫైలు మార్చు.”

ఇతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. తొందరలో బొమ్మ మొత్తాన్నీ అద్దంలోలా తిప్పేయబోయాడు. కప్పులన్న గబుక్కున మణికట్టు పట్టుకున్నాడు.

“ఆగు బాబూ! తిప్పితే ఆవిడ చేతిరాత ఉల్టా అవుతుంది, పాపిడి అటుదిటవుతుంది. అద్దంలా తిప్పడం మిషను చూసుకుంటుంది. నువ్వు అమ్మని ఎడమ సగానికి జరుపు, చీటీని కుడి సగానికి జరుపు. అంతే.”

అంతే. కాగితం మీద అచ్చు ఉల్టాగా వచ్చింది, కప్పుకి అంటితే సరిగ్గా తిరుగుతుంది. కప్పులన్న దాన్ని కప్పుకి బిగించి చుట్టి, వేడికి తట్టుకునే టేపు అంటించి, ప్రెస్సులో పెట్టాడు. మూడు నిమిషాలకి మిషను కూతపెట్టింది. కాగితం ఒలిచి, కాసేపు ఆరాక కప్పులన్న ఎడమచేత్తో పిడి పట్టుకుని, ఉత్త కప్పునే నోటి దగ్గర పెట్టుకుని చూశాడు.

“నన్ను చూసే నవ్వుతోందయ్యా,” అన్నాడు మెల్లగా.

చీకటి పడబోతుండగా టీచరమ్మ వచ్చింది. ఇతను ఏదీ దాచలేదు. ఆవిడ కొత్త కప్పుని ఎడమచేత్తో ఎత్తి చాలాసేపు చూసింది. తర్వాత పక్కనున్న మొదటిదాన్ని చూసి, “ఇదేం చేస్తారు?” అంది.

“ఇంకెవరికీ పనికిరాదమ్మా. మీ అమ్మగారు కదా.”

“అయితే నాకివ్వండి. నాది కుడిచెయ్యే. నాన్నకెదురుగా కూర్చుని దీంట్లో తాగుతాను,” అంది. నవ్వబోయి ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఇతను రెండో కప్పు ఖర్చు మాట ఎత్తితే కప్పులన్న కసురుకున్నాడు: “పొద్దున టీ పోయించు, చాలు.”

ఇంటికొచ్చేసరికి అక్క మెట్ల మీదే కూర్చుని ఉంది. అంతా విని, “నీకిద్దరు దేవుళ్ళు కనపడ్డార్రా ఇవాళ” అంది.

“ముగ్గురక్కా,” అన్నాడు ఆవిడ వైపే చూస్తూ. ఆవిడకి అర్థం కాలేదు.

అన్నం తిన్నాక దుకాణం పేజీ తెరిచి, ఆర్డరు రాసే చోట కొత్త ప్రశ్న చేర్చాడు: ‘కప్పు ఏ చేత్తో పట్టుకుంటారు?’ అక్క భుజం మీంచి చదివింది.

“ఏ చేత్తో పట్టుకుంటే నీకెందుకని తిడతార్రా జనం.”

“తిట్టనీ అక్కా. తిడుతూనైనా చెప్తారు కదా.”

అక్క నవ్వుకుంటూ లేచింది. అతను మళ్ళీ తెర మీదికి వంగాడు. పని చెడగొట్టడం ఇష్టం లేక, గడియ చప్పుడు కాకుండా వేలితో పట్టుకుని, ఆవిడ వీధి తలుపు మెల్లగా వేసింది.