ఆరు నెలల ఖాళీ

భానుకు తన కుర్చీలో కూర్చునే మనిషి కావాలి. అదీ ఇరవై రోజుల్లో కావాలి. ఎనిమిదో నెల నిండుతోంది. కాళ్లు వాచి చెప్పులు పట్టడం లేదు. ఆగస్టు ఆఖరు నుంచి మంచం దిగొద్దని డాక్టరమ్మ ఖచ్చితంగా చెప్పింది. సెలవు అడగడానికి వెళ్తే మేనేజర్ బలరాం నవ్వుతూ ఒక్కటే మాట అన్నాడు.

"నీ బదులు మనిషిని చూపించి పో భానూ. ఎవరొద్దన్నరు?"

భద్రాచలంలో ముప్పై పడకల వెన్నెలవాగు ఆస్పత్రికి ల్యాబ్ టెక్నీషియన్ భాను ఒక్కతే. రక్తం తీసేది ఆమే, స్లైడు చూసేది ఆమే, రిపోర్టు రాసేది ఆమే. వానాకాలం జ్వరాలు మొదలైతే ల్యాబ్ కిటికీ ముందు జనం గొడుగులతో సహా నిలబడతారు. మనిషిని వెతకాల్సింది మేనేజర్ కదా అని ఎవరైనా అడగొచ్చు. భాను కూడా అడిగింది. "మీ టెక్నీషియన్లు నీకే ఎరుక, నాకేం ఎరుక?" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. కడుపుతో ఉన్న మనిషి తన సెలవుకు తానే మనిషిని వెతుక్కోవడం ఏం న్యాయమో ఆయన్నే అడగాలి.

టెక్నీషియన్లు దొరికే చోటు నిజంగానే ఒకటుంది. ఖమ్మం, కొత్తగూడెం వైపు ల్యాబ్ టెక్నీషియన్లంతా చేరిన వాట్సాప్ గ్రూపు. ఎనిమిది వందల మంది ఉంటారు. ఒకప్పుడు అందులో గుడ్ మార్నింగులు, దేవుడి ఫొటోలు, ఊరూ పేరూ లేని ఉద్యోగాలు వరదలా వచ్చేవి. ఒక దొంగ ప్రకటన నమ్మి కొందరు పిల్లలు మోసపోయాక అడ్మిన్ బిక్షపతి గ్రూపుకు తాళం వేశాడు. ఇప్పుడు అడ్మిన్ తప్ప ఎవరూ అందులో మాట్లాడలేరు. ఉద్యోగం సంగతి పెట్టాలంటే ముందు ఆయనకు విడిగా మెసేజ్ పంపి అనుమతి అడగాలి. పోస్టు ఎలా ఉండాలో డ్రాఫ్ట్ కూడా పంపాలి. ఒక్క వివరం తక్కువైనా ఆయన ఒప్పుకోడు.

శనివారం మధ్యాహ్నం రక్తం సీసాలతో సెంట్రిఫ్యూజ్ తిరుగుతుండగా భాను స్టూలు మీద కూర్చుని టైపు చేసింది.

"నమస్కారం బిక్షపతి సార్. నేను భాను, భద్రాచలం వెన్నెలవాగు ఆస్పత్రి ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఐదేళ్లుగా గ్రూపులో ఉన్నాను. మా దగ్గర ఒక ఖాళీ ఉంది. గ్రూపులో పెట్టడానికి మీ అనుమతి కోరుతున్నాను. డ్రాఫ్ట్ కింద ఇస్తున్నాను. మార్పులు ఉంటే చెప్పండి, సరిచేసి పంపుతాను. మీరు వద్దంటే పెట్టను.

ఉద్యోగం: ల్యాబ్ టెక్నీషియన్, ఒకరు
చోటు: వెన్నెలవాగు ఆస్పత్రి, భద్రాచలం
కాలం: ఆరు నెలలు మాత్రమే, ప్రసూతి సెలవు ఖాళీ
అర్హత: డీఎంఎల్‌టీ, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్
అనుభవం: మలేరియా స్లైడు చూడటం వచ్చి ఉండాలి
వేళలు: ఉదయం 8 నుంచి సాయంత్రం 5, వారానికి ఒక సెలవు
జీతం: మాట్లాడుకోవచ్చు
ఎవరికీ ఏ ఫీజూ కట్టనక్కర్లేదు
చివరి తేదీ: ఆగస్టు 20
ఫోన్: ఈ నంబరుకే"

రెండుసార్లు చదువుకుని పంపింది. అరగంటలో నీలం టిక్కులు పడ్డాయి. జవాబు మాత్రం సాయంత్రం వచ్చింది.

"అమ్మా, లేబుల్ లేని శాంపిల్ నువ్వు తీసుకుంటవా? జీతం లేని పోస్టు నేనూ తీసుకోను. అంకె రాసి పంపు. మిగతాదంతా మంచిగున్నది."

భానుకు ఒళ్లు మండింది, కానీ మాట న్యాయమైనదే. పేరు లేని సీసా ఏ వార్డు నుంచి వచ్చినా వెనక్కి పంపేది తనే కదా. సోమవారం పొద్దున్నే బలరాం గది ముందు నిలబడింది. కూర్చోమని ఆయన అనలేదు.

"జీతం ఎంత రాయాలె సార్? అంకె లేకుంటే అడ్మిన్ పెట్టనంటున్నడు."

"ఎవరాయన? ఏం రాసినవో నాకూ పంపు, చూస్త. ఆయన నంబర్ గూడ పంపు."

భాను అక్కడే నిలబడి డ్రాఫ్టూ నంబరూ పంపింది. మేనేజర్ ఇన్నాళ్లకు పట్టించుకుంటున్నాడని కాస్త సంతోషించింది కూడా. మధ్యాహ్నానికి ఆయన పద్దెనిమిది వేలని చెప్పించాడు. ఆమె ఆ అంకె వేసి బిక్షపతికి మళ్లీ పంపింది.

ఈసారి నీలం టిక్కులు పడ్డాయి, అంతే. సోమవారం పోయింది. మంగళవారం పోయింది. భాను రక్తం తీస్తూ ఫోన్ చూసింది, స్లైడు ఆరబెడుతూ ఫోన్ చూసింది. బుధవారం "సార్, దయచేసి చూడగలరు" అని పంపింది. అదీ చదివాడు, పలకలేదు. గ్రూపులో మాత్రం ఎవరిదో రిటైర్మెంటు సన్మానం ఫొటోలు నాలుగు పెట్టాడు. ఆ దండలు చూస్తే భానుకు ఏడుపొచ్చినంత పనైంది.

సారపాక మిల్లులో కాంట్రాక్టు పనికి వెళ్లే భర్త కోటేష్ ఇంటికి వచ్చి సంగతి విని, "ఫోన్ జేసి నాలుగు మాటలు అడుగరాదే" అన్నాడు.

"అడిగితే తీసేస్తడు. గ్రూపుల నుంచి తీసేస్తే రేపు నాకు ఉద్యోగం ఎక్కడ దొరుకుతది?"

"నీకు ఉద్యోగం ఉన్నది గదా?"

"అవ్, ఉన్నది" అని ఆమె కాళ్లు దిండు మీదికి ఎత్తుకుంది.

గురువారం పదింటికి ఫోన్ మోగింది. బిక్షపతే. బొగ్గు గనుల ఊళ్లో ముప్పై ఏళ్లు ల్యాబ్‌లో పనిచేసిన మనిషి, గొంతు నెమ్మది. కిటికీ అవతల జనాన్ని ఆగమని భాను చేత్తో చూపించింది.

"భానమ్మా, కోపంగున్నవు గావచ్చు. ఆలస్యం చేసిన. ఎందుకంటే నా దగ్గరికి ఒకే సీటుకు రెండు పోస్టులొచ్చినయ్. ఒక్కటే పేషెంటు, రెండు రిపోర్టులు. ఏది నమ్మాలె నేను?"

"రెండేంది సార్? నేను ఒక్కటే పంపిన."

"ఇంకోటి మీ మేనేజర్ పంపిండు, సోమవారమే. నీ డ్రాఫ్టే, అక్షరం గూడ మారలే. ఒక్క లైను తప్ప. నీ దాంట్ల ఆరు నెలలు మాత్రమే అని ఉన్నది. ఆయన దాంట్ల పర్మనెంట్ అని ఉన్నది. ఫోన్ నంబర్ గూడ ఆయనది పెట్టుకున్నడు."

భాను స్టూలు అంచు పట్టుకుంది. ఆయన ఇంకా ఏదో చెబుతున్నాడు, సగమే వినపడింది.

"మూడు రోజులు ఆగిన, నువ్వే మానేస్తున్నవేమో, ఆయనకు తెలుసేమోనని. మళ్ల అనిపించింది, మానేసేదుంటే ఆరు నెలలని ఎందుకు రాస్తది? అందుకే అడుగుతున్న. నువ్వు మానేస్తున్నవా అమ్మా?"

"లేదు సార్. నేను మానేస్తలేను. మళ్ల వస్త."

"అయితే ఆయన పోస్టు నేను పెట్ట. సెలవుల ఉన్న మనిషి సీటు ఖాళీ సీటు గాదు. నీది పెడత. కానీ రేపు నామీద మాట రావద్దు. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఆరు నెలలే అని రాసి, మేనేజర్ సంతకంతో ఫొటో పంపు."

భాను ఫోన్ పెట్టేసింది. తన చేత్తో తాను, ఒక్క వివరం తప్పిపోకుండా, ఎంత నీటుగా రాసిచ్చింది! అర్హత, అనుభవం, వేళలు. తన కుర్చీని తానే తుడిచి ఇంకొకరికి వేసినట్టు. మేనేజర్‌కు మిగిలిన పని ఒక్క లైను మార్చుకోవడమే. సోమవారం పొద్దున తాను సంతోషపడింది కూడా గుర్తొచ్చి ఆమెకు తన మీద తనకే మహా కోపం వచ్చింది.

ల్యాబ్ తలుపు దగ్గరికి వేసి బలరాం గదికి వెళ్లింది. ఈసారి అడక్కుండానే కూర్చుంది.

"పర్మనెంట్ అని ఎందుకు పెట్టిన్రు సార్?"

ఆయన ఫోన్ వైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. "గిట్లనే ఉంటది భానూ. పిల్ల పుట్టినంక వస్తవో రావో. వచ్చినా జల్దీ పోవాలంటవు. మాకు గ్యారంటీ ఏంది?"

"నన్ను అడిగిన్రా? ఐదేండ్లల్ల ఒక్కసారి జల్దీ పోయిన్నా?"

"ఎందుకు గట్ల కోపం? ఆరోగ్యానికి మంచిది గాదు."

ఆ మాటకు ఆమెకు నిజంగానే ఒళ్లు తెలియని కోపం వచ్చింది. కానీ అరవలేదు. అరిస్తే, కడుపుతో ఉంది, బుర్ర సరిగ్గా లేదంటారు. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

"మీ పోస్టు ఆయన పెట్టడంట. ఆరు నెలలదే పెడతడంట, అదీ మీ సంతకం ఉంటే. నా సెలవు కాగితం ఇదిగో, అందుల రాసిన తారీకు నుంచి. మనిషి దొరికినా, దొరకకపోయినా పోత. మీరు సంతకం పెడితే ల్యాబ్‌ల మనిషుంటడు. పెట్టకుంటే జ్వరాల సీజన్ల ల్యాబ్‌కు తాళం."

బయట ల్యాబ్ కిటికీ దగ్గర ఎవరో గట్టిగా "రిపోర్టు ఎప్పుడిస్తరమ్మా" అని అరిచారు. బలరాం సొరుగులోంచి లెటర్‌హెడ్ తీశాడు. రాసింది భానే. సంతకం పెట్టేటప్పుడు కూడా ఆయన ముఖం చేదు మందు మింగినట్టే ఉంది. క్షమించు అన్న మాట ఆయన నోట రాలేదు, ఆమె ఎదురు చూడనూ లేదు.

సాయంత్రం నాలుగింటికి గ్రూపులో పోస్టు పడింది. ఆమె రాసిందే. కింద బిక్షపతి తన మాటగా ఒక లైను కలిపాడు: "ఆరు నెలల తర్వాత ప్రస్తుత టెక్నీషియన్ తిరిగి విధుల్లో చేరతారు." భాను ఆ లైనును మూడుసార్లు చదువుకుంది. గెలిచినట్టేమీ అనిపించలేదు. తన సీటు తనదేనని ఎనిమిది వందల మంది ముందు రాయించుకోవాల్సి వచ్చిందే అన్న ఉక్రోషమే మిగిలింది.

ఐదు నిమిషాల్లో మొదటి ఫోన్ వచ్చింది. కొత్త నంబరు.

"అక్కా, నా పేరు సువర్ణ. ఎర్రుపాలెం నుంచి. డీఎంఎల్‌టీ అయిపోయి రెండేళ్లయింది. స్లైడు బాగా చూస్తాను. రేపే వచ్చి చేరతాను." ఆ పిల్ల ఆయాసపడుతూ గబగబా మాట్లాడింది. తర్వాత గొంతు తగ్గించింది. "అక్కా, ఆరు నెలలేనా? ఆ తర్వాత ఉంచుకుంటారా? నాకు పర్మనెంట్ కావాలక్కా. ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉంది."

భాను కళ్లు మూసుకుంది. పొద్దుటి నుంచి ఒక్క లైను కోసం కొట్లాడింది. ఆ లైను ఎవరి కడుపు మీద పడుతుందో ఇప్పటిదాకా ఆలోచించలేదు. ఏం చెప్పినా ఒకరికి అన్యాయమే. ఉంచుకుంటారేమో అని మెత్తగా అంటే ఆ పిల్ల రేపే వచ్చేస్తుంది, తన సెలవు చింత తీరిపోతుంది. నోటి దాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"ఆరు నెలలే చెల్లీ" అంది. "తర్వాత నేను వస్త."

ఆ పిల్ల పెట్టేస్తుందేమోనని భాను ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకుంది.

"సరేలే అక్కా," అంది సువర్ణ చివరికి, "రేపు ఎన్నింటికి రమ్మంటావు?"